కరివేపాకు వీడియోకు జుట్టు కోసం వచ్చినవాళ్ళు

మా మిద్దె తోట యూట్యూబ్ చానల్లో ఒక కరివేపాకు వీడియో ఉంది. కుండీలో చెట్టు గుబురుగా రావాలంటే చిగుళ్ళు ఎప్పుడు తుంచాలి, పుల్లమజ్జిగలో ఎన్ని నీళ్ళు కలిపి పోయాలి, ఇంతే అందులో ఉన్నది. ఎనిమిది నిమిషాలు. దానికి నేను పెట్టిన టైటిల్ "కరివేపాకు ఒత్తుగా పెరగాలంటే ఇలా చేయండి". సెర్చ్‌లో అది బాగానే కనపడుతోంది, కానీ ఎవరూ నొక్కడం లేదు. 28 రోజుల్లో 6,200 సార్లు కనపడితే 81 క్లిక్కులు. అంటే 1.3 శాతం. ఈ శాతాన్నే సీటీఆర్ అంటారు.

తప్పు థంబ్‌నెయిల్‌దే అనుకుని రెండుసార్లు మార్చాను. లాభం లేదు. ఒకరోజు తీరిగ్గా కూర్చుని, ఆ కొద్దిమందైనా ఏమని వెతికి వచ్చారో చూస్తే నవ్వాగలేదు. `karivepaku juttu`, `karivepaku oil for hair`, `juttu ottuga peragalante`. తెలుగులో "ఒత్తుగా పెరగాలంటే" అన్నామంటే మొదట గుర్తొచ్చేది జుట్టే కదా! యూట్యూబ్ పాపం నా మాట నమ్మి, జుట్టు రాలిపోతోందని బెంగపడుతున్నవాళ్ళందరికీ నా కుండీ బొమ్మ చూపించింది. వాళ్ళు కుండీని చూసి కిందికి జరిగిపోయారు. తెలియక నొక్కినవాళ్ళు ఒక్క నిమిషం కూడా ఉండలేదు. ఈ వైపు నుంచి వచ్చినవాళ్ళు సగటున చూసింది 48 సెకన్లు.

టైటిల్‌ను "కుండీలో కరివేపాకు చెట్టు గుబురుగా రావాలంటే" అని మార్చాను. తర్వాతి 28 రోజుల్లో సెర్చ్ ఇంప్రెషన్లు 6,200 నుంచి 2,900కు పడిపోయాయి. సగానికి పైగా పోయాయన్నమాట. కానీ క్లిక్కులు 81 నుంచి 128 అయ్యాయి, సీటీఆర్ 4.4 శాతానికి వచ్చింది, సగటు చూపు మూడు నిమిషాలు దాటింది. పోయిన ఆ 3,300 ఇంప్రెషన్లు అసలు నావి కావు. ఇంప్రెషన్లు తగ్గాయని చూసి ఆ వారం భయపడి పాత టైటిల్ మళ్ళీ పెట్టి ఉంటే, జుట్టు జనాన్ని ఇప్పటికీ మోస్తూ ఉండేదాన్ని.

ఈ కథ ముందు ఎందుకు చెప్పానంటే, "సీటీఆర్ తక్కువుందా, టైటిల్ మార్చెయ్" అనే సలహాతో నాకు పేచీ ఉంది. వీడియో పెట్టే ప్రతి ఒక్కరూ ఈ మాట విని ఉంటారు. మా అక్క కొడుకు కూడా నాకు ఇదే చెప్పాడు. నా అభిప్రాయం వేరు. సీటీఆర్ అని పైన పెద్ద అక్షరాల్లో కనపడే ఆ ఒక్క అంకెను చూసి టైటిల్ ముట్టుకోకూడదు. అది సెర్చ్, హోమ్, చానల్ పేజీ, ఇలా జనం వచ్చే ఏ దారిలో ఎంత అని విడగొట్టి చూశాకే, ఆ దారికి తగ్గట్టు మార్చాలి. చాలాసార్లు విడగొట్టి చూస్తే మార్చాల్సిన పనే ఉండదు.

ముందు ఇంప్రెషన్ అంటే ఏమిటో సరిగ్గా తెలియాలి, ఎందుకంటే సగం అపార్థాలు అక్కడే మొదలవుతాయి. యూట్యూబ్ లెక్కలో మన థంబ్‌నెయిల్ కనీసం సగం తెరమీదికి వచ్చి, ఒక సెకను కంటే ఎక్కువసేపు ఉంటే ఒక ఇంప్రెషన్. వేలితో గబగబా తోసుకుంటూ పోతే అది లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, ఈ లెక్క యూట్యూబ్ లోపల కొన్ని చోట్లకే: సెర్చ్, హోమ్, సబ్‌స్క్రిప్షన్ల ఫీడ్, వేరే వీడియో పక్కన వచ్చే సజెస్టెడ్, ప్లేలిస్టులు, చానల్ పేజీ. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు, వేరే వెబ్‌సైట్లో పెట్టిన వీడియో, నోటిఫికేషన్, వీడియో చివర వచ్చే ఎండ్ స్క్రీన్, వీటికి ఇంప్రెషన్ లెక్క లేదు. మిద్దె తోటల వాళ్ళకు వాట్సాప్ గ్రూపులు ఎన్ని ఉంటాయో ఈ పిచ్చి ఉన్నవాళ్ళకు తెలుసు. నా వీడియో ఒకటి అలా గ్రూపుల్లో తిరిగి వేల వ్యూస్ తెచ్చుకుంది, లోపల ఇంప్రెషన్లు మాత్రం వందల్లోనే ఉన్నాయి. వ్యూస్‌ను ఇంప్రెషన్లతో భాగించి సీటీఆర్ లెక్క కట్టబోతే 300 శాతం వస్తుంది. ఆ లెక్కకు అర్థం లేదు. ఇంప్రెషన్ల వల్ల వచ్చిన వ్యూస్‌నే సీటీఆర్‌లో లెక్కేస్తారు.

సగం చానళ్ళకు, వీడియోలకు సీటీఆర్ 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబ్ వాళ్ళే తమ సహాయ పేజీల్లో చెప్పారు. ఇది చదివి చాలామంది "నాది 3 శాతం, బాగాలేదు" అని టెన్షన్ పడతారు. ఏ దారి నుంచి 3 శాతం అని మాత్రం అడగరు. చానల్ పేజీకి వచ్చేవాడు మనల్ని వెతుక్కుంటూ మన ఇంటికి వచ్చినవాడు. వాడు పది సార్లలో ఒకసారి నొక్కడం మామూలే. సెర్చ్‌లో ఉన్నవాడికి ఒక అవసరం ఉంది, ఆ అవసరానికి మన టైటిల్ సరిపోతుందో లేదో చూసుకుంటాడు. హోమ్‌లో ఉన్నవాడికి మన అవసరమే లేదు. సినిమా ట్రైలర్‌కూ క్రికెట్ హైలైట్స్‌కూ మధ్యలో నా వంకాయ మొక్క కనపడుతుంది. అక్కడ 2 శాతం వస్తే నేను సంతోషపడతాను.

ఇది తెలియక ఒకసారి దెబ్బతిన్నాను. వంటింటి చెత్తతో బకెట్లో కంపోస్టు చేసే వీడియోకు "ఇంట్లో కంపోస్టు: వాసన, పురుగులు రాకుండా" అని సాదాగా టైటిల్ పెట్టాను. మొత్తం సీటీఆర్ 2.6 చూపిస్తోంది. పండక్కి వచ్చిన మా అక్క కొడుకు చూసి, "ఇదేం టైటిల్ చిన్నమ్మా, గవర్నమెంటు పాంప్లెట్ లెక్క ఉంది. కొంచెం సస్పెన్స్ పెట్టు" అన్నాడు. వాడు థంబ్‌నెయిల్స్ బాగా చేస్తాడు, అందుకని విన్నాను. "ఈ ఒక్క తప్పుతో నా బకెట్ మొత్తం పాడైంది" అని పెట్టాం. రోజుకు సెర్చ్ నుంచి నలభై దాకా వస్తున్న వ్యూస్ మూడు వారాల్లో పదకొండుకు దిగాయి.

తర్వాత పాత నెల లెక్క విప్పి చూస్తే అప్పుడు అర్థమైంది. ఇంప్రెషన్లలో ముప్పావు వంతు హోమ్‌వి, అవే సగటును కిందికి లాగాయి. సెర్చ్‌లో ఆ వీడియో సీటీఆర్ 6.1 శాతం, నా చానల్లో అన్నిటికంటే మంచి అంకెల్లో ఒకటి. ఆ 6.1ని తెచ్చిపెడుతున్న మాటలు మూడే: కంపోస్టు, వాసన, పురుగులు. సస్పెన్స్ కోసం ఆ మూడింటినీ తీసేశాను. సెర్చ్‌లో వీడియో పైకి రావడానికి యూట్యూబ్ చూసే వాటిలో, వెతికిన మాటకూ మన టైటిల్, వివరణ, వీడియోలో ఉన్న విషయానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది ముఖ్యం. "బకెట్ పాడైంది" అని ఎవరు వెతుకుతారు? టైటిల్ వెనక్కి మార్చిన ఐదు వారాలకు రోజుకు ముప్పై దాటింది, పాత నలభై మాత్రం మళ్ళీ రాలేదు. మా వాడిని ఏమనలేదు. చూసుకోవాల్సింది నేను.

అప్పటి నుంచి నాకు ఒక పద్ధతి ఏర్పడింది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, చెబుతాను. ఫోన్లో ఈ పని కుదరదు, కంప్యూటర్లో యూట్యూబ్ స్టూడియో తెరవాలి. అనలిటిక్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ అని ఉంటుంది. అందులో ఒక్క వీడియోను ఎంచుకుని, ట్రాఫిక్ సోర్స్ ప్రకారం విడగొట్టాలి. కాలాన్ని 28 రోజులు పెట్టాలి. ఒక్కో వరుసలో ఇంప్రెషన్లు, సీటీఆర్, సగటు చూసిన సమయం, ఈ మూడూ పక్కపక్కన కనపడేలా చూసుకోవాలి. ఆ తర్వాత యూట్యూబ్ సెర్చ్ అనే వరుస మీద నొక్కితే, జనం ఏ మాటలు కొట్టి వచ్చారో జాబితా వస్తుంది. కరివేపాకు గుట్టు నాకు దొరికింది అక్కడే.

వాటిలో ఏ వీడియోను బాగుచేయాలి అన్నది ఎంచుకోవడానికి నేను చూసేది రెండే. నెలకు సెర్చ్‌లో కనీసం వెయ్యి ఇంప్రెషన్లు ఉండాలి. లేకపోతే టైటిల్ మార్చినా తెలుసుకోవడానికి సరిపడా జనం ఉండరు. సెర్చ్ సీటీఆర్ నా చానల్లో మామూలుగా వచ్చే 4, 5 శాతం కంటే బాగా కింద ఉండాలి. ఇతరుల చానల్ అంకెలతో పోల్చను, వాళ్ళ సంగతి వేరు.

ఈ రెండూ కలిసిన వీడియో ఒకటి నిరుడు దొరికింది. "మిరప మొక్కల సంరక్షణ – పూర్తి వివరాలు". ఈ టైటిల్ పెట్టినందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది. సంరక్షణ అనే మాట నా జన్మలో పక్కింటివాళ్ళతో అనలేదు. సెర్చ్‌లో 3,800 ఇంప్రెషన్లకు 84 క్లిక్కులు, 2.2 శాతం. సెర్చ్ మాటల జాబితా చూస్తే పైన ఉన్నవన్నీ ఒకే జబ్బు గురించి: `mirapa mudatha`, `mirchi akulu mudatha`, `మిరప ఆకు ముడత`, `chilli leaf curl telugu`. "సంరక్షణ" అని వెతికినవాళ్ళు ఒక్కరు లేరు. అసలు ముడత అనే మాట నా టైటిల్లో లేనే లేదు. వీడియోలో మాట్లాడాను, వివరణలో రాశాను, అందుకని యూట్యూబ్ ఎలాగో పట్టుకుని చూపిస్తోంది. వెతికినవాడికి మాత్రం తన జబ్బు పేరు టైటిల్లో కనపడలేదు.

ఇంకో ఆధారం వీడియో లోపలే ఉంది. ఎక్కడ జనం ఉండిపోయారు, ఎక్కడ వెళ్ళిపోయారు అని చూపించే గీత ఒకటి స్టూడియోలో ఉంటుంది. అది మామూలుగా కిందికి జారుతూ పోతుంది. ఈ వీడియోలో నాలుగో నిమిషం దగ్గర పైకి లేచింది. జనం ముందుకు తోసుకుంటూ వచ్చి అక్కడ ఆగారు, కొందరు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశారు. అక్కడ నేను చెప్పిందేమిటంటే, మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉంటే అది తామర పురుగు పని, కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే నల్లి పని. తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు పెడతాం, నల్లికి నీళ్ళలో కలిసే గంధకం వాడతాం. ఒకదానికి వాడేది ఇంకోదానికి పనిచేయదు. రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముడత మూడోది, దాన్ని మన రైతులు జెమిని వైరస్ అంటారు, దానికి మొక్కను పీకేయడమే. పదకొండు నిమిషాల వీడియోలో జనానికి కావలసింది ఆ ఒక్క నిమిషం.

టైటిల్ మళ్ళీ రాయడం అంటే ఇక నేను కొత్తగా కల్పించేదేమీ లేదు. మాట జాబితా ఇచ్చింది, విషయం గీత ఇచ్చింది. "మిరప ఆకు ముడత: పైకి ముడిచిందా, కిందికా? రెండింటికీ మందు వేరు". థంబ్‌నెయిల్ మాత్రం ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. మార్చిన తేదీని కూరగాయల లెక్క రాసుకునే నోటుబుక్కులోనే రాశాను.

28 రోజుల తర్వాత మొత్తం సీటీఆర్ చూస్తే ముందు 2.4 శాతం, ఇప్పుడూ 2.4 శాతం. పైపైన చూసేవాళ్ళు ఇక్కడితో ఆపేసి, టైటిల్ వల్ల ఏమీ కాలేదంటారు. విడగొట్టి చూద్దాం.

ముందు నెలలో సెర్చ్‌లో 3,800 ఇంప్రెషన్లకు 84 క్లిక్కులు, హోమ్‌లో 1,500కు 24, చానల్ పేజీలో 300కు 27. మొత్తం 5,600కు 135. మార్చాక సెర్చ్‌లో 4,100కు 197, అంటే 2.2 నుంచి 4.8 శాతానికి. హోమ్‌లో 40,000కు 840, అంటే 1.6 నుంచి 2.1కి. చానల్ పేజీలో 300కు 30, అది 9 నుంచి 10కి. మొత్తం 44,400కు 1,067. ప్రతి దారిలోనూ సీటీఆర్ పెరిగింది. మొత్తం మాత్రం కదలలేదు. ఎందుకంటే నొక్కడం తక్కువగా ఉండే హోమ్ దారి ఒక్కసారిగా ఇరవై ఆరు రెట్లు పెరిగి, మొత్తాన్ని తనవైపు లాక్కుంది. క్లిక్కులు ఎనిమిది రెట్లయినా సగటు అంకె అక్కడే కూర్చుంది. పది మంది పిల్లలు బాగా చదివే క్లాసులోకి అంతగా చదవని నలభై మంది కొత్తవాళ్ళు చేరితే క్లాసు సగటు ఏమవుతుందో ఏ టీచర్‌నైనా అడగండి.

ఆ హోమ్ ఇంప్రెషన్లు టైటిల్ వల్లే పెరిగాయా? ఆ మాట నేను అనను. అప్పుడు మిరప నాట్లు అయి ముడత మొదలయ్యే రోజులు, అందరూ ఆ విషయమే చూస్తున్నారు. కాలం ఇంప్రెషన్లను పెంచుతుంది, వ్యూస్‌ను పెంచుతుంది. అందుకే వ్యూస్ పెరిగాయని చూసి టైటిల్‌ను మెచ్చుకోను. సెర్చ్ సీటీఆర్‌ను చూస్తాను, ఎందుకంటే వెతికేవాళ్ళు పెరిగినా తగ్గినా వందకు ఎంతమంది నొక్కారన్నది అంతగా మారదు. అయినా అనుమానం తీరడానికి నేను ముట్టుకోని ఇంకో మిరప వీడియో, నారు పెంచేది, దాన్ని పక్కన పెట్టుకుని చూశాను. అదే రెండు నెలల్లో దాని సెర్చ్ సీటీఆర్ 3.9 నుంచి 4.0. కాలమే కారణమైతే దానిది కూడా లేవాలి కదా.

ఇంకో చిక్కు, చిన్న అంకెలు. చామంతి పిలకలు నాటే వీడియోకు టైటిల్ మార్చాను. 420 ఇంప్రెషన్లకు 14 క్లిక్కులున్నవి 430కి 19 అయ్యాయి. 3.3 నుంచి 4.4 శాతం, మూడో వంతు పెరిగింది! అని గ్రూపులో పెట్టబోయి ఆగాను. ఇంటర్‌లో స్టాటిస్టిక్స్ చదివిన గుర్తుతో ఒక మోటు లెక్క వేసుకుంటాను. క్లిక్కుల సంఖ్యకు వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే, ఊరికే అదృష్టం కొద్దీ ఎంత అటూ ఇటూ ఊగుతుందో సుమారుగా తెలుస్తుంది. 14కు వర్గమూలం నాలుగుకు కొంచెం తక్కువ, రెట్టింపు ఏడున్నర. అంటే ఏమీ మార్చకపోయినా ఆరు నుంచి ఇరవై ఒకటి దాకా ఏదైనా రావచ్చు. 19 అందులోనే ఉంది, కాబట్టి అది నాకు ఏమీ చెప్పలేదు. మిరపలో 84కు ఊగేది 18, పైహద్దు 102. వచ్చింది 197. ఇంప్రెషన్లు కొంచెం పెరిగాయి కదా అన్నా, అంత దూరం అదృష్టం మీద పోదు. టైటిల్ మార్చి మూడో రోజే ఫలితం చూసి మళ్ళీ మార్చేవాళ్ళు ఈ ఊగిసలాట వెంట పరుగెత్తుతున్నారు. పైగా కొత్త అంకెలు స్టూడియోలోకి పూర్తిగా రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

సీటీఆర్ పెరగడమే చాలా అంటే, అదీ కాదు. ముడత వీడియోకు మా వాడు ముందు సూచించిన టైటిల్ ఇంకొకటుంది: "మందు లేకుండా 3 రోజుల్లో ముడత మాయం". అది పెడితే సీటీఆర్ 4.8 కాదు, 8 కూడా వచ్చేదేమో. వీడియోలో మందు ఉంది, మూడు రోజుల మాట లేదు. నొక్కినవాడు నిమిషంలో వెళ్ళిపోయేవాడు. అందుకే సీటీఆర్ పక్కనే సగటు చూసిన సమయాన్ని అదే దారికి చూడమన్నాను. ముడత వీడియోకు సెర్చ్ నుంచి వచ్చినవాళ్ళ చూపు 2:50 నుంచి 3:35 అయ్యింది, అంటే టైటిల్ పిలిచినవాళ్ళకు లోపల కావలసింది దొరికింది. నొక్కడం పెరిగి చూడడం తగ్గితే ఆ టైటిల్ అబద్ధం చెప్పిందన్నమాట. యూట్యూబ్ వాళ్ళు మూడు థంబ్‌నెయిళ్ళను పోటీకి పెట్టే సదుపాయం ఇచ్చినప్పుడు కూడా గెలుపును క్లిక్కుల మీద కాకుండా చూసిన సమయంలో వాటా మీద నిర్ణయించడం ఊరికే కాదు.

ఇక లిపి తగాదా. నా చానల్లో సెర్చ్ నుంచి ఎక్కువ వ్యూస్ తెచ్చిన పాతిక మాటలు తీసి చూస్తే పదిహేడు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు, అయిదు తెలుగు లిపి, మూడు ఇంగ్లిష్. తెలుగు మీద నాకు ఎంత ప్రేమున్నా, ఫోన్లో జనం వేళ్ళు ఎటు పోతున్నాయో ఈ జాబితా చెబుతోంది. ఒకే మాట `mudatha`, `mudata`, `muduta` అని మూడు రకాలుగా కొడతారు. యూట్యూబ్ వీటిని తెలుగు లిపితో కొంతవరకు కలుపుకుంటుంది, అన్నిసార్లూ కాదు. కాబట్టి టైటిల్ తెలుగులోనే రాసి, చివర అడ్డగీత తర్వాత జాబితాలో పైనున్న ఒక్క మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెడతాను. అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. ముడత వీడియోకు ఇది తర్వాతి నెలలో, విడిగా చేశాను. `mirapa mudatha` అని వెతికి వచ్చిన వ్యూస్ పెరిగాయి, సీటీఆర్ పెద్దగా మారలేదు. ఎక్కువ మందికి కనపడడానికి పనికొచ్చింది తప్ప నొక్కించడానికి కాదు. మూడు స్పెల్లింగులనూ టైటిల్లో కుక్కేవాళ్ళను చూశాను. ఫోన్లో అవి ఎవరికీ కనపడవు, ఎందుకంటే టైటిల్ మొదటి భాగం తప్ప మిగతాది చుక్కల్లో కలిసిపోతుంది. తెలుగు అక్షరాలు వెడల్పు కూడా. వంద అక్షరాల హద్దును చూసి ధైర్యపడకండి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల ఆరు. అందుకే జబ్బు పేరు ముందు, మిగతా సొగసులన్నీ తర్వాత.

ఈ జాబితాలో దొరకనిది కూడా ఒకటుంది. మన వీడియో అసలు కనపడని వెతుకులాటలు ఇందులో ఉండవు. దానికి నేను చేసేది పాతకాలపు పని: లాగిన్ లేకుండా బ్రౌజర్ తెరిచి, సెర్చ్ పెట్టెలో "మిరప" అని కొట్టి ఆగుతాను. కింద యూట్యూబే పూరించి చూపించే మాటల్ని నోటుబుక్కులోకి ఎక్కిస్తాను. `mirapa poota ralatam` అలా దొరికింది. పూత రాలడం గురించి నా వీడియోలో అరనిమిషమే ఉంది, అందుకని టైటిల్లో పెట్టలేదు. దానికి విడిగా వీడియో తీయాలని రాసుకున్నాను.

కొన్నిటిని అలాగే వదిలేశాను. మా అత్తమ్మ తన చేతులతో బంతి నారు పోస్తూ పాత సంగతులు చెప్పిన వీడియోకు సెర్చ్ నుంచి ఎవరూ రారు. సీటీఆర్ 1.7. వచ్చినవాళ్ళు మాత్రం పన్నెండు నిమిషాల్లో సగటున తొమ్మిది నిమిషాలు చూశారు. దాని టైటిల్ "అత్తమ్మ బంతి నారు". ఆమె పేరు తీసి "బంతి మొక్కలు పెంచే విధానం" అని పెట్టమని మా వాడు అంటూనే ఉన్నాడు. ఆ దారిలో వచ్చేవాడికి కావలసిన విధానం అందులో లేదు, ఆమె చిన్నప్పటి కబుర్లు ఉన్నాయి.

ఇప్పుడు చేతిలో ఉన్నది గులాబీ వీడియో. సెర్చ్‌లో 2,100 ఇంప్రెషన్లు, 1.9 శాతం. మాటల జాబితాలో పైన `gulabi mokka puvvulu poovadam ledu` అని ఉంది, నా టైటిల్లో "గులాబీ ప్రూనింగ్" అని ఉంది. కొమ్మలు కత్తిరించడాన్ని ప్రూనింగ్ అనేది నర్సరీ వాళ్ళు, నేను, ఇంకో పదిమంది. పోయిన ఆదివారం మార్చాను. ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి, అప్పటిదాకా స్టూడియో తెరవకూడదని పాస్‌వర్డ్ మా వాడి దగ్గర పెట్టాను.